స్కూటర్ ఇంజన్ చెవిలో పట్టేసిన రబ్బరు బుష్: ఇంట్లోనే నొక్కి తీయొచ్చా?

బందరురోడ్_బాబు
2011 మోడల్, 110 సీసీ, గేర్లు లేని స్కూటర్. 62 వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలల నుంచి మలుపు తిప్పితే వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా వస్తున్నట్టు ఉంటోంది. స్పీడ్ బ్రేకర్ దిగితే కాళ్ళ కింద 'డుబ్' అంటుంది. టైరు, చక్రం బేరింగ్, షాక్ అబ్జార్బర్ అన్నీ చూపించా, బాగానే ఉన్నాయి. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం పక్కకి ఊపితే చక్రం ఒక్కటే కాదు, ఇంజన్ మొత్తం ఊగుతోంది. ఇంజన్‌ని ఫ్రేముకి తగిలించే రెండు చెవుల్లో ఉన్న రబ్బరు బుష్‌లు పోయాయి. రబ్బరు కింది వైపు చీలి, లోపలి గొట్టం నడిమధ్యలో కాకుండా పైకి పోయి కూర్చుంది.

మెకానిక్ పొడవు బోల్టు తీశాడు. బుష్‌ల మీద సుత్తితో నాలుగు దెబ్బలేసి, "రావు సార్, కేస్ మార్చాలి" అన్నాడు. కేస్ ధర విని బండి వెనక్కి తెచ్చేసుకున్నా. ఇప్పుడు ఇంజన్ విప్పి వరండాలో పెట్టా. ఇంట్లో ఏదైనా ప్రెస్‌లాంటిది చేసుకుని తీయొచ్చా?

సైలెన్సర్_సత్తి
దీనికి ఇంత టెన్షన్ ఎందుకన్నా? ముందు చక్రం దగ్గర ఆ చిన్న ఆర్మ్‌ల బుష్‌లు నేనే మార్చా. బోల్టు తీస్తే వేలితో తోస్తే వచ్చేశాయి. గ్రీజు రాసి కొత్తవి పెట్టడమే.

బందరురోడ్_బాబు
సత్తీ, అవి ముందువి. నాది వెనక, ఇంజన్‌వి. వేలు కాదు, కాలుతో తన్నినా కదలట్లేదు.

సైలెన్సర్_సత్తి
ఓ, వెనకా! సరే, నేను పక్కన కూర్చుంటా.

డల్లాస్_కిరణ్
ఇక్కడైతే 12 టన్నుల షాప్ ప్రెస్ కొనుక్కుని గ్యారేజీలో పెట్టుకుంటాం. అక్కడ కూడా దొరుకుతుందిగా?

పొదుపు_పద్మ
బాబు గారు వరండాలో ఇంజన్ పెట్టుకున్నారు కిరణ్ గారూ. ప్రెస్ కొంటే దాన్ని హాల్లో పెట్టాలి. తర్వాత ఇంట్లో వాళ్ళు ఆయన్నే వరండాలో పెడతారు.

లేత్_రావు
ముప్పై ఏళ్ళు లేత్ మీద పనిచేశాను కాబట్టి చెప్తున్నా. కేస్ మార్చాల్సిన పని లేదు. సుత్తి మాత్రం పక్కన పెట్టండి. ఆ చెవి పోత అల్యూమినియం. వెనక ఆధారం లేకుండా కొడితే బుష్ రాకముందే చెవికి పగులు వస్తుంది.

ముందు లోపల ఏముందో చూసుకోండి. బుష్ అంటే మూడు పొరలు: బయట పల్చటి ఇనుప గొట్టం, మధ్యలో రబ్బరు, లోపల బోల్టు దూరే ఇనుప గొట్టం. పట్టేసింది బయటి గొట్టం. ఇనుము, అల్యూమినియం, వాన నీళ్ళు, పదమూడు పద్నాలుగేళ్ళు. ఆ రెంటి మధ్య తెల్లటి పొడి పేరుకుని గట్టిపడుతుంది. కాబట్టి నెట్టాల్సింది బయటి గొట్టాన్నే. రబ్బరునో లోపలి గొట్టాన్నో నెడితే రబ్బరు చిరిగి అది బయటికొస్తుంది, అసలుది అక్కడే ఉండిపోతుంది.

ప్రెస్ అంటే పెద్దదేం కాదు. బుష్ మధ్యలోంచి ఒక పొడవు బోల్టు పోవాలి. ఒక వైపు నెట్టే ముక్క, రెండో వైపు బుష్ వచ్చి పడే గొట్టం. నట్టు బిగిస్తుంటే నెట్టే ముక్క బుష్‌ని తోస్తుంది, గొట్టం చెవి అంచు మీద ఆనుకుని ఎదురు బలం ఇస్తుంది. చెవి మీద నొక్కుడే తప్ప దెబ్బ ఉండదు.

మూడు కొలతలు చెప్పండి: బుష్ బయటి వ్యాసం, పొడవు, లోపలి బొక్క. రెండు చెవుల మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా.

బందరురోడ్_బాబు
పక్కింటి కుర్రాడి వెర్నియర్ అడిగి కొలిచా. బయట 28 మిల్లీలు, పొడవు 24, లోపలి బొక్కలో 10 మిల్లీల బోల్టు సరిగ్గా పడుతుంది. చెవి బయటి కొలత 40. రెండు చెవుల మధ్య 110.

ఆటోనగర్_ఆనంద్
అయితే సులువే. ఒక అంగుళం జీఐ పైపు ముక్క, హార్డ్‌వేర్ కొట్టులో 10 ఎంఎం థ్రెడ్ రాడ్, నాలుగు వాషర్లు. రెండొందల్లో అయిపోద్ది. నేను ఇలాగే తీశా.

లేత్_రావు
ఆనంద్ గారూ, పద్ధతి కరెక్టే. కానీ అంగుళం జీఐ పైపు లోపలి కొలత దాదాపు 27. ఈయన బుష్ 28. ఇక అది పైపులోకి ఎలా వెళ్తుంది? మీ బండి బుష్ ఇంతకన్నా చిన్నదై ఉంటుంది. ఈయనకి అంగుళంపావు పైపు కావాలి, అది లోపల 36 దాకా ఉంటుంది. చెవి 40 కాబట్టి అంచు ఆనడానికి చుట్టూ రెండు మిల్లీలు దొరుకుతుంది. తక్కువే. పైపు సరిగ్గా నడిమధ్యలో కూర్చోవాలి, కోసిన అంచు వంకర లేకుండా ఉండాలి. నెట్టే ముక్కకి 19 సాకెట్ చూడండి, చాలా సెట్లలో దాని బయటి కొలత 26 ఉంటుంది. 28 రంధ్రంలో రాసుకోకుండా పోతుంది, బయటి గొట్టం అంచునీ పట్టుకుంటుంది.

థ్రెడ్ రాడ్ గురించి మాత్రం నాకు అనుమానమే.

ఆటోనగర్_ఆనంద్
కరెక్టే, నాది 25 బుష్. కానీ థ్రెడ్ రాడ్‌తోనే వచ్చింది సార్.

బందరురోడ్_బాబు
ఈ ఆదివారం రిపోర్ట్. పైపు కోయడం బద్ధకమై, బయటి వైపు 32 సాకెట్ పెట్టా. లోపల 32 ఉంది, బుష్ 28, సరిపోతుందనుకున్నా. లోపలి వైపు 19 సాకెట్. ఆనంద్ అన్న చెప్పిన థ్రెడ్ రాడ్. రాత్రంతా తుప్పు నూనె కొట్టి ఉంచా.

బిగిస్తూ పోయా. మొదట స్పానర్ బరువెక్కింది. తర్వాత తేలిగ్గా తిరగడం మొదలెట్టింది. వచ్చేస్తోందని సంబరపడి మూడు చుట్లు తిప్పా. తీరా చూస్తే బుష్ మీద నేను గీసిన మార్కర్ గీత అక్కడే ఉంది. మరి నట్టు ఎలా తిరిగినట్టు?

లేత్_రావు
రాడ్ సాగింది. విప్పి, ఆ నట్టునే చేత్తో రాడ్ పొడవునా తిప్పి చూడండి. ఒక చోట పట్టేస్తుంది. అక్కడ మరల మధ్య దూరం పెరిగిపోయి ఉంటుంది.

బందరురోడ్_బాబు
సార్, సరిగ్గా అదే. మధ్యలో రెండు అంగుళాల మేర నట్టు ఎక్కట్లేదు. చూపుకి మాత్రం కొత్త రాడ్‌లా ఉంది.

లేత్_రావు
కొట్టులో దొరికే మామూలు థ్రెడ్ రాడ్ మెత్తటి ఇనుము. 10 మిల్లీలదైతే టన్నున్నర దగ్గరే సాగడం మొదలవుతుంది. స్పానర్ ఇరవై సెంటీమీటర్లది అనుకోండి. దాని చివర పదిహేను కిలోల బలం వేస్తే చాలు, ఆ లెక్కకి వచ్చేస్తారు. అది చాలామంది ఒక చేత్తో వేసే బలమే. తల మీద 8.8 అని ఉన్న బోల్టు తెచ్చుకోండి, అదే సైజులో మూడున్నర టన్నుల దాకా ఆగుతుంది. 150 మిల్లీల పొడవు, మరలు వీలైనంత ఎక్కువ మేర ఉన్నది అడగండి. నట్టు కూడా అదే గ్రేడుది. మరలకీ, వాషర్ కిందా గ్రీజు బాగా పట్టించండి. పొడిగా ఉంటే మీ బలంలో సగం పైగా రాపిడికే పోతుంది, మరలు కూడా ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి.

బోల్టు తల బయటి వైపు, నట్టు రెండు చెవుల మధ్య ఉండేలా పెట్టండి. లోపల నట్టుని స్పానర్‌తో పట్టుకుని బయట తల తిప్పండి.

ఒక గుర్తు పెట్టుకోండి. స్పానర్ తిరుగుతోంది, చేతికి బరువు పెరగట్లేదు, బుష్ కదలట్లేదు. అలా అనిపించిన క్షణం ఆపేయాలి. ఎక్కడో ఏదో సాగుతోంది, లేదా చిరుగుతోంది.

సుత్తి_సుబ్బారావు
మా కాలంలో ఇవన్నీ లేవు. బుష్‌లో గ్యాస్ కట్టర్ మంట పెట్టు, రబ్బరు కాలిపోద్ది, బయటి గొట్టాన్ని ఉలితో లోపలికి మడత పెట్టు. పది నిమిషాల పని.

గిరిజ_హన్మకొండ
సుబ్బారావు గారూ, మా తమ్ముడు అలాగే చేయించాడు. ఒక చెవి బాగానే వచ్చింది. రెండో దాంట్లో మంట ఎక్కువైపోయి అంచు కరిగి జారింది. రబ్బరు కాలిన పొగకి వీధి వీధంతా తలుపులేసుకుంది.

సుత్తి_సుబ్బారావు
చేయి తిరిగినవాడు చెయ్యాలమ్మా.

లేత్_రావు
సుబ్బారావు గారు వేడి అన్నంత వరకు నిజమే. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కానీ ఈ సైజు రంధ్రంలో 80 డిగ్రీలు పెరిగితే వచ్చే తేడా మిల్లీలో నలభయ్యో వంతు. పట్టు సడలడానికి అది సాయం చేస్తుంది, బుష్ దానంతటది ఊడిపడదు. మరిగే నీళ్ళు చెవి మీద నెమ్మదిగా పోసినా అందులో చాలా వరకు వేడి వస్తుంది. ముందు బోల్టు బిగించి బలం వేసి ఉంచండి, తర్వాత నీళ్ళు పోయండి. ఇంజన్ నోళ్ళకి గుడ్డలు కుక్కడం మర్చిపోవద్దు.

బందరురోడ్_బాబు
రెండో ప్రయత్నం. 8.8 బోల్టు దొరికింది. బిగించి వేడినీళ్ళు పోసి, టీ తాగొచ్చి, ఇంకో పావు చుట్టు తిప్పా. 'టక్' మంది. నిజంగా తుపాకీ పేలినట్టు. బోల్టు విరిగిందనుకుని దూరం గెంతా. బుష్ కదిలింది!! చుట్టూ తెల్ల పొడి రాలింది.

అక్కణ్ణుంచి హాయిగా వచ్చింది. కానీ సగం పైగా వచ్చాక మళ్ళీ రాయిలా ఆగిపోయింది. చెవి లోపలి అంచు నుంచి కొలిస్తే బుష్ 17 మిల్లీలు లోనికి దిగింది. మళ్ళీ బలం వేస్తే స్పానర్ అసలు కదలట్లేదు. ఇంకాస్త వేయనా?

లేత్_రావు
వద్దు! ఆపండి. బయట 32 సాకెట్టే పెట్టారా?

బందరురోడ్_బాబు
అవును సార్.

గిరిజ_హన్మకొండ
సాకెట్‌కి అడుగు ఉంటుంది కదా బాబు గారూ! లోపల గుంత అంతా కలిపి ఇరవై మిల్లీలో ఎంతో ఉంటుంది. మీ బుష్ 24. అది వెళ్ళి అడుగుకి తగిలింది. ఇప్పుడు మీరు బుష్‌ని లాగట్లేదు, బుష్‌ని మధ్యలో పెట్టి రెండు సాకెట్లని ఒకదాని మీదికొకటి లాగుతున్నారు.

బందరురోడ్_బాబు
విప్పి చూశా. సాకెట్ అడుగున ఉంగరంలా బుష్ అచ్చు పడి ఉంది. 🤦 గిరిజ గారికి దండం.

లేత్_రావు
గిరిజ గారు చెప్పిందే. ఇది చాలామంది చేసే తప్పు. ఒకసారి వదిలిన బుష్ మధ్యలో మళ్ళీ అంత గట్టిగా పట్టుకోదు. కదిలిన తర్వాత హఠాత్తుగా ఆగితే తుప్పు అనుకోవద్దు, అమరిక చూడండి. గొట్టం పొడవు బుష్ పొడవు కన్నా ఎక్కువే ఉండాలి. అంగుళంపావు పైపు 40 మిల్లీల ముక్క కోయించండి. పైన మూత కోసం మందపాటి ఇనుప బిళ్ళ, మధ్యలో పదిన్నర రంధ్రం. మామూలు వాషర్లయితే గిన్నెలా వంగిపోతాయి.

పొదుపు_పద్మ
చూశారా, పైపు కోయడానికి బద్ధకించి ఒక సాకెట్, ఒక రాడ్, ఒక ఆదివారం.

బందరురోడ్_బాబు
మేడమ్, ఇంట్లో ఇప్పటికే ఈ లెక్క చెప్పేశారు.

పైపు ముక్క లేత్ షాపులో కోయించి రెండు అంచులు చదును చేయించా. పెట్టి బిగిస్తే మొదటి బుష్ ఐదు నిమిషాల్లో పైపులో పడింది. రంధ్రం లోపల అల్యూమినియం మెరుస్తోంది, గీతలు లేవు.

రెండో వైపు మాత్రం దరిద్రం. 19 సాకెట్ కాస్త పక్కకి జరిగినట్టుంది, చూసుకోలేదు. రబ్బరు ఊడి లోపలి గొట్టంతో సహా బయటికొచ్చేసింది. బయటి గొట్టం చెవిలో ఉంగరంలా ఉండిపోయింది. ఇప్పుడు పట్టుకోవడానికి ఒక మిల్లీ అంచు కూడా లేదు.

సుత్తి_సుబ్బారావు
ఇప్పుడు నా ఉలి గుర్తొచ్చిందా?

లేత్_రావు
ఇప్పుడు ఉలి పనికొస్తుంది, ఒప్పుకుంటా. కానీ ముందు రంపం. హ్యాక్‌సా బ్లేడు ఒక వైపు విప్పి, రంధ్రంలోంచి దూర్చి, మళ్ళీ ఫ్రేముకి బిగించండి. పళ్ళు బయటికి తిరిగి ఉండాలి. బయటి గొట్టాన్ని పొడవునా ఒకే ఒక గీత కోయండి. ఆ రేకు మందం ఒకటిన్నర మిల్లీ దాకా ఉంటుంది. పూర్తిగా తెగే దాకా కోయొద్దు, కాగితం మందం మిగలనివ్వండి. తర్వాత సన్న ఉలితో గీత పక్కన అంచుని లోపలికి మడిస్తే గొట్టం ముడుచుకుంటుంది, పట్టు పోతుంది.

ఎక్కడ ఆపాలో పొడి చెప్తుంది. కింద తెల్ల కాగితం పరిచి, పది లాగుళ్ళకోసారి ఆ పొడికి అయస్కాంతం చూపించండి. మొత్తం అంటుకుంటే ఇంకా ఇనుములోనే ఉన్నారు. అంటుకోకుండా వెండిలా మెరిసే పొడి మిగిలితే చెవిని కోస్తున్నారని. రెండు చివరలా సమానంగా దిగుతోందో లేదో కూడా చూసుకోండి. మన చేయి ఎప్పుడూ ఒక వైపు ఎక్కువ లాగుతుంది.

సైలెన్సర్_సత్తి
అయస్కాంతం ఐడియా సూపర్ సార్. పాత స్పీకర్‌లోంచి పీకి పెట్టుకుంటా.

చేతక్_తాత
మా చేతక్‌కి కూడా ఇదే జబ్బు. కానీ మాకు బోల్టే రావట్లేదు. తల తిప్పితే కాస్త తిరిగి, వదిలితే వెనక్కి వచ్చేస్తుంది. మరలు పోయాయా?

లేత్_రావు
లేదండీ. స్ప్రింగులా వెనక్కి వస్తోందంటే బోల్టు, బుష్ లోపలి గొట్టం తుప్పుతో ఒక్కటైపోయాయి. మీరు తిప్పుతున్నది రబ్బరుని. నట్టు తీసేసి రెండు చివరలా రోజూ నూనె వేస్తూ, బలవంతం చేయకుండా అటూ ఇటూ ఆడిస్తూ ఉండండి. అప్పటికీ రాకపోతే ఫ్రేముకీ ఇంజన్‌కీ మధ్య సందులో బోల్టు కోయడమే. మీది వేరే కథ, వేరే చర్చ పెట్టండి. ఫోటో ఉంటే ఇంకా మంచిది.

బందరురోడ్_బాబు
ఉంగరం వచ్చేసింది. గంటంపావు పట్టింది. ఒక చివర అల్యూమినియం మీద వెంట్రుకంత గీత పడింది, అర మిల్లీ లోతు కూడా ఉండదు. పర్లేదా?

ఇక కొత్త బుష్‌లు. నేరుగా నొక్కేయనా? గ్రీజు రాయాలా?

ఆటోనగర్_ఆనంద్
గ్రీజు రాస్తే నున్నగా పోద్ది. ఇంకోసారి తీయాల్సి వస్తే ఈ బాధ ఉండదు.

లేత్_రావు
పొడవునా వెంట్రుకంత గీతైతే బండి నడుస్తుంది. అంచుల దగ్గర పదును లేకుండా సన్న ఎమరీ కాగితంతో రుద్దండి. రంధ్రంలో తెల్ల పొడి పూర్తిగా పోవాలి, కానీ రంధ్రం పెద్దది చేయొద్దు.

గ్రీజు నేనైతే రాయను. మామూలు గ్రీజు రబ్బరుకి తగిలితే అది ఉబ్బుతుంది. రబ్బరుకి తగలకుండా బయట ఇనుము మీద మాత్రమే పల్చగా ఇంజన్ ఆయిల్ తుడిచి, కొత్త బుష్‌ని ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. నొక్కేటప్పుడు కూడా బయటి గొట్టం అంచు మీదే బలం పడాలి. మొదటి రెండు మిల్లీలు వంకర లేకుండా దిగితే మిగతాది దానంతటది సాఫీగా పోతుంది. వంకర పోతే వెంటనే వెనక్కి తీయండి, బలవంతం చేస్తే రంధ్రం గోడ చెక్కుకుపోతుంది.

గిరిజ_హన్మకొండ
గ్రీజు విషయంలో నేను రావు గారితో ఏకీభవించను. సిలికాన్ గ్రీజు రబ్బరుని ఏమీ చేయదు. నేను పల్చగా రాసి పెట్టా, నాలుగేళ్ళయింది, బుష్ పక్కకి జరగలేదు. నీళ్ళు లోపలికి పోకుండా ఉంటుందని నా ఉద్దేశం.

లేత్_రావు
సిలికాన్‌దైతే రబ్బరుకి ఇబ్బంది లేదు, నిజమే. పట్టు తగ్గుతుందేమోనని నా భయం. ఎవరి అనుభవం వారిది.

పొదుపు_పద్మ
ఫ్రీజర్‌లో పెట్టేముందు కవర్లో చుట్టండి బాబు గారూ. పాల ప్యాకెట్ పక్కన ఇనుప వాసన వస్తే ఈ చర్చ అక్కడితో ముగిసిపోతుంది.

లేత్_రావు
ఇంకొకటి, ఇది అందరూ మర్చిపోతారు. పొడవు బోల్టుని సెంటర్ స్టాండ్ మీద, చక్రం గాల్లో వేలాడుతుండగా చివరి బిగింపు బిగించొద్దు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా లాక్ అవుతుంది. తర్వాత బండి నేల మీదికి దిగితే ఇంజన్ పైకి లేస్తుంది, ఆ తేడా అంతా రబ్బరు మెలిపడి మోయాలి. ఇరవై నాలుగు గంటలూ మెలిపడే ఉంటుంది. నట్టు వదులుగా పెట్టి, బండి దించి, ఎవరినైనా కూర్చోబెట్టి, రెండు మూడు సార్లు కిందికి నొక్కి వదిలి, అప్పుడు బిగించండి.

సుత్తి_సుబ్బారావు
ఇది మాత్రం నాకు తెలీదు. నలభై ఏళ్ళుగా స్టాండ్ మీదే బిగిస్తున్నా.

సైలెన్సర్_సత్తి
కూర్చోవడానికి నేనొస్తా బాబన్నా. 92 కిలోలు. నా వల్ల అయ్యే మెకానిక్ పని ఇదొక్కటే.

బందరురోడ్_బాబు
చివరి రిపోర్ట్. రెండు బుష్‌లూ ఎక్కాయి. ఒకటి గ్రీజు లేకుండా, ఒకటి గిరిజ గారి సిలికాన్‌తో. రెండు చెవులూ ఒకే బండికి ఉన్నాయి కాబట్టి ఏది ముందు పోతుందో చూద్దాం. 😄 పొడిగా పెట్టింది మొదటిసారి వంకర పోయింది, వెనక్కి లాగి మళ్ళీ పెట్టా. సత్తి రాలేదు, మా బావమరిదిని కూర్చోబెట్టి బిగించా.

350 కిలోమీటర్లు తిరిగా. మలుపులో ఆ జారుడు పోయింది. చక్రం పట్టుకుని ఊపితే ఇంజన్ కదలట్లేదు. కానీ స్పీడ్ బ్రేకర్ మీద 'డుబ్' బదులు ఇప్పుడు సన్నగా 'టిక్' అంటోంది, అదీ ఇద్దరం ఎక్కితేనే. బోల్టు మళ్ళీ చూశా, బిగువుగానే ఉంది.

లేత్_రావు
షాక్ అబ్జార్బర్ కింది చెవిలో ఇంకో రబ్బరు బుష్ ఉంటుంది చూడండి. దాన్ని మార్చారా?

బందరురోడ్_బాబు
...లేదు సార్.

ఆటోనగర్_ఆనంద్
పైపు ముక్క పారేయలేదుగా?